సరైన పాస్‌వర్డే, అయినా లాగిన్ కాదు: హ్యాష్ పద్ధతి మార్చబోతున్న డెవలపర్లకు బహిరంగ లేఖ

వెబ్‌సైట్లు నిర్వహించే డెవలపర్లకు,

వెబ్‌సైట్ డేటాబేస్‌లో ఉండేది పాస్‌వర్డ్ కాదు, దాని హ్యాష్. యూజర్ టైపు చేసినదానికి సర్వర్ అదే లెక్క మళ్లీ వేస్తుంది, వచ్చిన ఫలితం దాచినదానితో సరిపోతే లోపలికి పంపుతుంది. పిండిని తిరిగి గింజలు చేయలేనట్టే హ్యాష్ నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టే లెక్క లేదు. భద్రతకు ఆధారం ఈ గుణమే. పద్ధతి మార్చాల్సిన రోజున డెవలపర్‌కు అడ్డుపడేదీ ఇదే. చేతిలో లక్షల హ్యాష్‌లు ఉంటాయి, పాస్‌వర్డ్ మాత్రం ఒక్కటీ ఉండదు.

పాత సైట్లలో ఎక్కువగా కనిపించేది ఎండీ5. రాన్ రివెస్ట్ రూపొందించిన ఈ పద్ధతి 1992లో ప్రామాణిక పత్రంగా వెలువడింది. దాని ఫలితం 32 అక్షరాల హెక్స్ వరుస. సాల్ట్ కలపకపోతే `password` అనే పదానికి ఏ సైట్లోనైనా `5f4dcc3b5aa765d61d8327deb882cf99` అనే వస్తుంది, కాబట్టి దొంగిలించినవాడు ఆ వరుసను పట్టికలో వెతుక్కుంటే చాలు. పైగా ఎండీ5 చాలా వేగంగా నడుస్తుంది, పాస్‌వర్డ్‌ల విషయంలో అది లోపమే. 2012లో లింక్డిన్ నుంచి బయటపడ్డ సుమారు 65 లక్షల హ్యాష్‌లు ఎండీ5 కావు, ఎస్‌హెచ్‌ఏ-1వి. అయితే వాటికీ సాల్ట్ లేదు, అదీ వేగవంతమైన పద్ధతే, అందుకే చాలావరకు త్వరగానే విరిగాయి. నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియెరెస్ 1999లో ప్రచురించిన బీక్రిప్ట్ కావాలనే నిదానంగా నడుస్తుంది. ప్రతి ఖాతాకూ వేరే సాల్ట్ వాడుతుంది. కాస్ట్ అనే అంకె ఒకటి పెరిగితే పని రెట్టింపవుతుంది. ఫలితం 60 అక్షరాలు.

మార్పుకు దారులు రెండు. మొదటిదానిలో యూజర్ లాగిన్ అయ్యే క్షణం కోసం ఆగాలి. పాస్‌వర్డ్ సర్వర్ చేతిలో ఉండేది అప్పుడొక్కసారే. పాత పద్ధతిలో సరిచూసి, సరిపోతే అక్కడికక్కడే కొత్త హ్యాష్ తయారుచేసి రాసేయాలి. ఏళ్ల తరబడి రానివారి ఖాతాలు మాత్రం పాత ఎండీ5తోనే మిగిలిపోతాయి. రెండో దారిలో పాస్‌వర్డ్ అక్కరలేదు. దాచి ఉన్న ఎండీ5 వరుసనే పాస్‌వర్డ్‌గా భావించి దానిమీద బీక్రిప్ట్ నడపాలి. ఒక్క పూటలో పట్టిక అంతా కొత్త రక్షణలోకి వస్తుంది. ఈ రెండింటినీ కలపడం మేలు. ముందు అన్నింటినీ చుట్టేసి, తర్వాత ఎవరు లాగిన్ అయితే వారి పొరను విప్పి నేరు బీక్రిప్ట్ రాయడం. అందుకు లాగిన్ కోడ్‌లో మూడు శాఖలు కావాలి:

```php
$ok = false;
if (str_starts_with($hash, 'md5$2y$')) {        // చుట్టినది
    $ok = password_verify(md5($pw), substr($hash, 3));
} elseif (str_starts_with($hash, '$2y$')) {     // నేరు బీక్రిప్ట్
    $ok = password_verify($pw, $hash);
} elseif (strlen($hash) === 32) {               // ఇంకా చుట్టనిది
    $ok = hash_equals($hash, md5($pw));
}
```

హ్యాష్ ముందు పెట్టిన `md5` అనే మూడక్షరాల చీటీ అలంకారం కాదు. అది లేకపోతే చుట్టిన హ్యాష్‌కూ నేరు బీక్రిప్ట్‌కూ తేడా తెలియదు. అప్పుడు అసలు యజమాని సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా కుదరదు. అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. పాత ఎండీ5 వరుస ఎప్పుడో లీకై ఎవరికైనా దొరికి ఉంటే, ఆ వరుసనే పాస్‌వర్డ్‌గా టైపు చేసి వారు లోపలికి రావచ్చు.

కాగితం మీద ఇంతే పని. కొత్త కోడ్ టెస్టులన్నీ పాసవుతాయి, డెవలపర్ తన ఖాతాతో లాగిన్ అయి చూస్తాడు, అంతా బాగుంటుంది. మర్నాడు ఫిర్యాదులు మొదలవుతాయి. తప్పు బీక్రిప్ట్‌లో ఉండటం అరుదు. పాత కోడ్ పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసే ముందు దానికి ఏమేం చేసేదో ఎవరికీ గుర్తుండకపోవడంలోనే చాలా ఫిర్యాదుల మూలం ఉంటుంది. హ్యాష్‌కు అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. ఒక్క బైటు మారినా ఫలితం పూర్తిగా మారిపోతుంది.

`amma's2008` అనే పాస్‌వర్డ్‌ను తీసుకుందాం. పాత పీహెచ్‌పీలో `magic_quotes_gpc` అనే సెట్టింగ్ ఉండేది. ఫారంలో వచ్చిన ప్రతి కోట్ గుర్తుకూ ముందు అది ఒక బ్యాక్‌స్లాష్ చేర్చేది. 2012లో వచ్చిన పీహెచ్‌పీ 5.4లో దాన్ని తీసేశారు. ఆ ప్రవర్తన మీదే ఆధారపడ్డ అప్లికేషన్లు ఆగిపోకుండా చాలామంది ఉమ్మడి ఫైల్ మొదట్లో `$_POST` మొత్తానికీ `addslashes()` నడిపే నాలుగు లైన్లు చేర్చుకున్నారు. అలాంటి సైట్లో హ్యాష్ అయింది `amma's2008` కాదు, `amma\'s2008`. కొత్త లాగిన్ కోడ్ రాసేటప్పుడు ఆ నాలుగు లైన్లూ చెత్తలా కనిపిస్తాయి, తీసేస్తారు. కోట్ గుర్తు లేనివారిలో దాదాపు అందరికీ లాగిన్ మామూలుగా అవుతుంది. కోట్ ఉన్నవారికి మాత్రం "పాస్‌వర్డ్ తప్పు" అని వస్తుంది. హ్యాష్ మార్పుతో పాటు లాగిన్ కోడ్‌నూ శుభ్రం చేయాలనుకోవడం మంచి అలవాటే, కానీ ఆ వారంలో కాదు.

`htmlspecialchars()` నడిపిన పాస్‌వర్డ్‌లది ఇంకో చిక్కు. ఈ ఫంక్షన్‌ను అలాగే ఉంచినా యూజర్లు బయటే ఆగిపోవచ్చు. పీహెచ్‌పీ 8.1లో దాని డిఫాల్ట్ మారింది. అంతకుముందు ముట్టుకోని సింగిల్ కోట్‌ను ఇప్పుడు `'` గా మారుస్తుంది. హ్యాష్ మార్పు కోసం సర్వర్‌ను కూడా కొత్త పీహెచ్‌పీకి తీసుకెళ్తే, ఒక్క లైను మార్చకుండానే బైట్లు మారిపోతాయి. పాత శాఖలో `ENT_COMPAT` అని స్పష్టంగా రాస్తే పాత ఫలితమే వస్తుంది.

తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకునేవారు కొద్దిమందే. ఉన్న ఆ కొద్దిమందికీ ఈ మార్పు అదనపు గండం. పేజీని లాటిన్-1 ఎన్‌కోడింగ్‌లో పంపిన రోజుల్లో, ఆ ఎన్‌కోడింగ్‌లో ఇమడని అక్షరాన్ని బ్రౌజర్ అంకెల రూపంలో పంపేది. "త" అని టైపు చేస్తే సర్వర్‌కు చేరింది `త` అనే ఏడు అక్షరాలు. ఎండీ5 వాటిమీదే నడిచింది. పేజీ యూటీఎఫ్-8కి మారాక అదే "త" `E0 B0 A4` అనే మూడు బైట్లుగా వస్తుంది. కీబోర్డు మీద నొక్కిన మీటలు అవే, సర్వర్ అందుకున్నది వేరు.

హెక్స్ అక్షరాల పెద్దాచిన్నా తేడా మరింత నిశ్శబ్దంగా దెబ్బతీస్తుంది. ఎండీ5 వరుసను పీహెచ్‌పీ చిన్న అక్షరాల్లో ఇస్తుంది, మరో సిస్టమ్ నుంచి దిగుమతి చేసుకున్న ఖాతాల్లో అది పెద్ద అక్షరాల్లో ఉండవచ్చు. పాత కోడ్ `WHERE pw = '...'` అంటూ పోలికను మైఎస్‌క్యూఎల్‌కే వదిలేసి ఉంటే, `_ci` తో ముగిసే కొలేషన్ `5F4D`నూ `5f4d`నూ ఒకటిగానే చూస్తుంది. అందువల్ల ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ తెలియదు. చుట్టిన తర్వాత మాత్రం ఆ రెండూ బీక్రిప్ట్‌కు వేర్వేరు పాస్‌వర్డ్‌లు. చుట్టే స్క్రిప్టులోనే `strtolower()` వేస్తే సమస్య పుట్టదు. మరచిపోతే, చుట్టిన శాఖలో `strtoupper(md5($pw))` తోనూ ఒకసారి చూడాలి.

వీటన్నింటికీ ఒకటే మందు. పాత శాఖలో శుభ్రమైన రూపంతో పాటు పాత కోడ్ తయారుచేసే రూపాన్నీ ప్రయత్నించాలి. ఏది సరిపోయినా, కొత్త హ్యాష్‌ను శుభ్రమైన రూపంతో రాయాలి. ఆ యూజర్ విషయంలో పాత మడత అక్కడితో పోతుంది. ఎన్ని రూపాలు ప్రయత్నించాలన్నది ఊహించి నిర్ణయించేది కాదు. వెర్షన్ కంట్రోల్‌లో రిజిస్ట్రేషన్, లాగిన్, పాస్‌వర్డ్ మార్పు ఫైళ్ల చరిత్ర మొత్తం చదవాలి. ఈ మూడు పేజీలూ మూడు రకాలుగా నడిచిన సైట్లూ ఉంటాయి. రిజిస్ట్రేషన్‌లో `trim()` ఉండి, పాస్‌వర్డ్ మార్పు పేజీలో లేకపోవడం అలాంటిదే.

రెండో మూలం నిల్వలో ఉంది. ఎండీ5 కోసం కట్టిన కాలమ్ చాలాచోట్ల `VARCHAR(32)`. అందులో 60 అక్షరాల బీక్రిప్ట్ పట్టదు. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్, అందులో రాత విఫలమై ఎర్రర్ వస్తుంది. యూజర్‌కు ఖాళీ పేజీ కనబడినా పాత హ్యాష్ చెక్కుచెదరదు. స్ట్రిక్ట్ మోడ్ ఆపేసిన సర్వర్లో మాత్రం ఒక హెచ్చరిక మాత్రమే ఇచ్చి, మొదటి 32 అక్షరాలు ఉంచి మిగతావి పారేస్తుంది. ఇక్కడ మోసం చేసేది క్రమం. మొదటి లాగిన్‌లో పాత ఎండీ5 సరిపోతుంది, యూజర్ లోపలికి వస్తాడు. ఆ వెనకే తెగిన బీక్రిప్ట్ పాతదాని స్థానంలోకి వెళ్తుంది. రెండోసారి వచ్చేసరికి తలుపు మూసి ఉంటుంది. ఒక్కసారి లాగిన్ అయి చూసి "పనిచేస్తోంది" అనుకున్న పరీక్ష ఈ తప్పును ఎన్నడూ పట్టదు. ఏ పరీక్షయినా లాగిన్, లాగౌట్, మళ్లీ లాగిన్ అన్న మూడు అడుగులూ వేయాలి.

హ్యాష్‌లు ఇలా తెగాయో లేదో తెలుసుకోవడానికి ఒక్క క్వెరీ చాలు:

```sql
SELECT LEFT(pw, 4) AS kind, LENGTH(pw) AS len, COUNT(*)
FROM users GROUP BY kind, len;
```

`$2y$` తో మొదలయ్యే వరుసల పొడవు 60, `md5$` వాటిది 63. ఈ రెండు రకాలకూ ఇంకో అంకె కనిపించిందంటే ఆ వరుసలు తెగినవే. తెగిన హ్యాష్ పూర్తిగా పనికిరానిదేం కాదు. బీక్రిప్ట్ ఫలితంలో మొదటి 29 అక్షరాలు వెర్షన్, కాస్ట్, సాల్ట్. అసలు హ్యాష్ ఆ తర్వాతే మొదలవుతుంది. సాల్ట్ మిగిలి ఉంది కనుక `crypt($pw, $hash)` మళ్లీ నడిపి, వచ్చినదాన్ని అంతే పొడవుకు కత్తిరించి పోల్చవచ్చు. కాలమ్ 40 అక్షరాలదైతే (ఎస్‌హెచ్‌ఏ-1 సైట్లలో అంతే ఉంటుంది) 11 అక్షరాల హ్యాష్ మిగులుతుంది, అంటే 66 బిట్లు. పోలికకు అది చాలినంత, సరిపోగానే పూర్తి హ్యాష్ రాసుకోవచ్చు. 32 అయితే మిగిలేది మూడు అక్షరాలు, 18 బిట్లు. ఏదో ఒక తప్పు పాస్‌వర్డ్ సరిపోయే అవకాశం 2,62,144లో ఒకటి. దాన్ని నమ్ముకోవడం కంటే ఆ ఖాతాలకు బ్యాకప్ నుంచి పాత హ్యాష్ తిరిగి పెట్టడం మంచిది. ఈలోగా రీసెట్ చేసుకున్నవారి వరుసలను ముట్టుకోకూడదు, వారికది రెండో దెబ్బ అవుతుంది.

కాలమ్‌ను ముందే 255కు పెంచడం ఖర్చులేని పని. పీహెచ్‌పీ మాన్యువల్ కూడా అదే సూచిస్తుంది.

పట్టికను చదివేది ఒక్క ప్రోగ్రామే అనుకోవడం మూడో మూలం. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ వర్డ్‌ప్రెస్. 2008లో 2.5 వెర్షన్‌తో అది ఎండీ5ను వదిలి, `$P$` తో మొదలయ్యే పీహెచ్‌పాస్ హ్యాష్‌లకు మారింది. 2025 ఏప్రిల్‌లో 6.8 వెర్షన్‌తో బీక్రిప్ట్‌కు వచ్చింది. కొత్త హ్యాష్ ముందు `$wp` అనే చీటీ ఉంటుంది, మొత్తం `$wp$2y$` అని మొదలవుతుంది. పాత `$P$` హ్యాష్‌లను, చివరికి 32 అక్షరాల ఎండీ5ను కూడా అది ఇప్పటికీ గుర్తిస్తుంది, లాగిన్ అయినప్పుడు మార్చి రాస్తుంది. వర్డ్‌ప్రెస్ వరకు ఎవరూ బయట ఆగిపోరు.

అయితే అదే `wp_users` పట్టికను వేరే మొబైల్ యాప్ సర్వరో, పక్కనే నడిచే ఇంకో అప్లికేషనో నేరుగా చదువుతుంటే కథ వేరు. దానికి `$P$` మాత్రమే తెలుసు. యూజర్ వెబ్‌సైట్లో ఒకసారి లాగిన్ కాగానే హ్యాష్ మారుతుంది, ఆ తర్వాత యాప్‌లో అదే పాస్‌వర్డ్ చెల్లదు. వింత ఏమిటంటే, వెబ్‌సైట్‌కు అసలు రానివారికి యాప్ చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. సైట్‌ను 6.7కి వెనక్కి తీసుకెళ్లినా ఇదే జరుగుతుంది. పాత కోడ్‌కు `$wp` అంటే ఏమిటో తెలియదు, కనుక ఈ మధ్య లాగిన్ అయినవారందరూ ఆగిపోతారు. లోడ్ బ్యాలెన్సర్ వెనక నాలుగు సర్వర్లుండి రెండింటికే కొత్త కోడ్ చేరిన గంటలో కూడా అంతే. అప్పుడు లాగిన్ ఒకసారి అవుతుంది, ఒకసారి కాదు.

అందుకే మార్పును రెండు విడతలుగా విడుదల చేయాలి. మొదటి విడత కొత్త హ్యాష్‌ను చదవగలదు, రాయదు. అది అన్ని సర్వర్లకూ, పట్టికను చదివే ప్రతి ప్రోగ్రాముకూ చేరి కొన్ని రోజులు నిలకడగా నడిచాకే రాయడం మొదలుపెట్టే రెండో విడత. అప్పుడు వెనక్కి రావాల్సి వచ్చినా మొదటి విడత దగ్గర ఆగవచ్చు. అంతకన్నా వెనక్కి వెళ్లే దారి లేదని విడుదల నోట్లో రాసిపెట్టాలి.

వర్డ్‌ప్రెస్ ఆ `$wp` చీటీ పెట్టడానికి ఒక కారణం బీక్రిప్ట్ హద్దు. అది మొదటి 72 బైట్లే చూస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలు, 18 బైట్లు. అలాంటివి నాలుగు రాస్తే హద్దు నిండిపోతుంది. వర్డ్‌ప్రెస్ ముందుగా ఎస్‌హెచ్‌ఏ-384తో పాస్‌వర్డ్‌ను కుదించి, దాని 64 అక్షరాల బేస్64 రూపాన్ని బీక్రిప్ట్‌కు ఇస్తుంది. కుదించనిచోట హద్దు దాటిన భాగాన్ని చాలా లైబ్రరీలు మాట్లాడకుండా వదిలేస్తాయి. పెట్టేటప్పుడూ సరిచూసేటప్పుడూ ఒకేలా వదిలేస్తే లాగిన్‌కు ఇబ్బంది లేదు. ఇబ్బంది లైబ్రరీ తీరు మారినప్పుడు వస్తుంది. పైథాన్ `bcrypt` 5.0.0 (2025) నుంచి 72 బైట్లు దాటిన పాస్‌వర్డ్‌కు `ValueError` ఇస్తుంది. అప్‌డేట్ చేసిన రోజు, పొడవైన వాక్యాన్ని పాస్‌వర్డ్‌గా పెట్టుకున్న జాగ్రత్తపరులే బయట ఆగిపోతారు. పాత హ్యాష్‌ల కోసం బైట్లను 72 దగ్గర డెవలపరే కత్తిరించి ఇవ్వాలి, అదీ యూటీఎఫ్-8గా మార్చిన తర్వాత, అక్షరాలు లెక్కపెట్టి కాదు.

పట్టికను చుట్టే స్క్రిప్టులోనూ ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ఒక్క బీక్రిప్ట్‌కు పావు సెకను పడుతుందనుకుంటే, రెండు లక్షల ఖాతాలకు ఒక కోర్ మీద 50,000 సెకన్లు, దాదాపు 14 గంటలు. ఆ 14 గంటల్లో సైట్ నడుస్తూనే ఉంటుంది. స్క్రిప్టు వెయ్యి వరుసలు చదివి లెక్క వేస్తుండగా అందులో ఒకరు పాస్‌వర్డ్ మార్చుకుంటారు. స్క్రిప్టు తన లెక్క ముగించి, పాత పాస్‌వర్డ్‌ను చుట్టిన హ్యాష్‌ను కొత్తదానిమీద రాసేస్తుంది. ఆ వ్యక్తికి ఇప్పుడు కొత్త పాస్‌వర్డ్ పనిచేయదు, వదిలేసిన పాతది పనిచేస్తుంది. పాతది ఎవరికో తెలిసిపోయిందనే మార్చుకుని ఉంటే ఇది లాగిన్ సమస్య కంటే పెద్దది. నివారణ ఒక్క షరతు:

```sql
UPDATE users SET pw = :new WHERE id = :id AND pw = :old;
```

చదివినప్పటి విలువ ఇంకా అలాగే ఉంటేనే రాత జరుగుతుంది. సున్నా వరుసలు మారితే స్క్రిప్టు ఆ ఖాతాను వదిలి ముందుకు పోవాలి. లాగిన్ సమయంలో చేసే మార్పుకూ ఇదే షరతు వర్తిస్తుంది.

ఫిర్యాదులు వచ్చినప్పుడు కారణాన్ని పసిగట్టడానికి ముందు చూడాల్సింది ఎవరు ఫిర్యాదు చేస్తున్నారన్నది. రోజూ వచ్చేవారు రెండో లాగిన్‌లో ఆగిపోతే కాలమ్ పొడవు చూడాలి. లాగిన్ ఒకసారి అయి ఒకసారి కాకపోతే సర్వర్లలో కోడ్ తేడా ఉన్నట్టు. చాలాకాలం తర్వాత వచ్చిన పాత సభ్యులు మొదటి ప్రయత్నంలోనే ఆగితే పాత బైట్ల సంగతి. స్క్రిప్టు నడిచిన రాత్రి పాస్‌వర్డ్ మార్చుకున్నవారైతే చెప్పనక్కరలేదు. మొత్తం వైఫల్యాల శాతం చూస్తే ఇవేవీ కనబడవు, ఎందుకంటే ఏ రోజైనా కొందరు పాస్‌వర్డ్ తప్పు కొడుతూనే ఉంటారు. విఫలమైన ప్రతి లాగిన్‌కూ ఏ శాఖలో విఫలమైందో లాగ్‌లో రాసి, శాఖలవారీగా లెక్క చూడాలి. మార్పుకు ముందు వారం రోజుల లెక్క చేతిలో లేకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. టైపు చేసిన పాస్‌వర్డ్ మాత్రం ఏ కారణంగానూ లాగ్‌లోకి రాకూడదు.

ఈలోగా యూజర్ పక్షాన జరిగేది డెవలపర్ తెరమీద కనిపించదు. "పాస్‌వర్డ్ తప్పు" అని చదివినవారు తామే మరచిపోయామనుకుని, తెలిసినవన్నీ వరుసగా కొడతారు. ఐదోసారికి ఖాతా లాక్ అవుతుంది, ఆ తర్వాత కోడ్ సరిచేసినా లాక్ అలాగే ఉంటుంది. కనుక దిద్దుబాటు విడుదలతో పాటు ఆ కాలంలో పడ్డ లాక్‌లనూ తీసేయాలి. "రీసెట్ చేసుకోండి" అనేది అందరికీ పనికొచ్చే జవాబు కాదు. పదేళ్ల నాటి ఖాతాలో ఉన్న ఈమెయిల్ ఇప్పుడు వాడుకలో లేకపోవచ్చు. పాత హ్యాష్ సరిపోకపోతే ఖాతా తనదని నిరూపించుకోవడానికి ఆ యూజర్ దగ్గర ఇంకేమీ ఉండదు. పాత శాఖను కాపాడటానికి ఇంత శ్రమ పడేది ముఖ్యంగా ఇలాంటివారి కోసమే.

పట్టికలో 32 అక్షరాల వరుస ఒక్కటీ మిగలనప్పుడు చుట్టని శాఖను కోడ్ నుంచి తీసేయాలి, బ్యాకప్‌లలోని పాత ఎండీ5 కాలమ్‌ను ముందే నిర్ణయించిన తేదీకి చెరిపేయాలి. చుట్టిన శాఖకు ఆ తొందర లేదు. ఆ పాస్‌వర్డ్‌ల ఎండీ5 వరుసలు ఇంకెక్కడి నుంచైనా లీకై ఉంటే తప్ప, బయట బీక్రిప్ట్ పొర ఉన్నంతకాలం లోపల ఎండీ5 ఉందన్నది దొంగకు చెప్పుకోదగ్గ లాభమేమీ ఇవ్వదు. పదేళ్లకు ఒకసారి వచ్చే సభ్యుడి కోసం ఆ రెండు లైన్లు, పాత రూపాలను ప్రయత్నించే ఫంక్షన్‌తో సహా, కోడ్‌లో ఉండనివ్వవచ్చు. ఎందుకున్నాయో పైన ఒక వ్యాఖ్య రాసి ఉంచితే తర్వాత వచ్చే డెవలపర్ వాటిని చెత్తనుకుని తీసేయడు.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్